స్కాన్ బిల్లు నుంచి ఆవర్జా దాకా: డబ్బు అంకెలను సరిచూసే పద్ధతి

మీ తెర మీద ఎడమవైపు బిల్లు స్కాన్ ఉంటుంది. కుడివైపు సాఫ్ట్‌వేర్ ఆ బిల్లును చదివి నింపిన గడులు ఉంటాయి: బిల్లు నంబరు, తేదీ, సరుకు వరుసలు, ఉపమొత్తం, తగ్గింపు, పన్ను, మొత్తం. కింద ‘పోస్ట్’ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కే ముందు డబ్బు గడులను ఏ వరుసలో, ఎలా సరిచూడాలో ఈ శిక్షణలో మాట్లాడుకుందాం. తేదీ, పేరు వంటి మిగతా గడులను డబ్బుకు సంబంధం ఉన్నంత వరకే ముట్టుకుందాం.

కొత్తవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది. జంటపద్దు విధానంలో డెబిట్, క్రెడిట్ సమానంగా ఉండాలి కదా, తప్పు పడితే అంకణాలో బయటపడుతుంది కదా అనుకుంటారు. ఈ పనిలో ఆ నమ్మకం చెల్లదు. బిల్లు మొత్తం 18,688.78 ఉంటే, దాన్ని సాఫ్ట్‌వేర్ 18,638.78 అని చదివిందనుకోండి. పోస్ట్ చేసినప్పుడు కొనుగోలు ఖాతాకు డెబిట్ 18,638.78, సరఫరాదారు ఖాతాకు క్రెడిట్ 18,638.78 పడతాయి. రెండు వైపులా ఒకే తప్పు పడింది కాబట్టి అంకణా చక్కగా సరితూగుతుంది. ఆ తప్పు సరఫరాదారు తన ఖాతా నకలు పంపినప్పుడో, డబ్బు తక్కువ వచ్చిందని ఫోను చేసినప్పుడో తప్ప బయటికి రాదు. అంటే దాన్ని పట్టుకోగలిగే చివరి మనిషి మీరే.

ఇక్కడ ఒక సూత్రం చెప్పి ముందుకు వెళతాను. అంకెను చూసి ‘ఇది సరిగ్గానే కనిపిస్తోందా’ అని అడగకండి. కళ్లు త్వరగా ఒప్పేసుకుంటాయి. ‘ఈ అంకె సరైనదని ఈ కాగితం మీదే ఉన్న మరో అంకె రుజువు చేస్తోందా’ అని అడగండి. బిల్లులో మంచి గుణం ఏమిటంటే, అందులో ఒకే విషయం రెండు మూడు రూపాల్లో అచ్చయి ఉంటుంది. పరిమాణం, ధర కలిస్తే వరుస మొత్తం వస్తుంది. వరుసలు కలిస్తే ఉపమొత్తం వస్తుంది. ఒకదానితో మరొకదాన్ని పరీక్షించవచ్చు.

మొదటి మెట్టు: గడులు చూడకుండా కాగితం చూడండి

చాలా సాఫ్ట్‌వేర్లు ఒక గడిని నొక్కగానే స్కాన్‌లో ఆ అంకె ఉన్న చిన్న ముక్కను పెద్దది చేసి చూపిస్తాయి. ఈ సదుపాయం మంచిదే కానీ, అక్కడి నుంచే పని మొదలుపెట్టకండి. ఆ ముక్కలో అంకె స్పష్టంగా కనిపిస్తుంది, దాని పక్కన రాసి ఉన్న మాట మాత్రం కనిపించదు. అంకె సరిగ్గా చదివి తప్పు గడిలో పెట్టడం అనే తప్పు ఆ చిన్న ముక్కలో ఎప్పటికీ దొరకదు.

అందుకే ముందు పేజీ మొత్తాన్ని తెర మీద పరచండి. ఇది బిల్లా, క్రెడిట్ నోటా, ధరల కొటేషనా, లేక నెలవారీ ఖాతా నకలా అన్నది చూడండి. ఎన్ని పేజీలున్నాయో, అన్నీ స్కాన్ అయ్యాయో చూడండి. ‘3లో 2వ పేజీ’ అని ఉండి మూడోది లేకపోతే పని అక్కడే ఆపాలి. ఏ కరెన్సీయో చూడండి. డాలర్ గుర్తు ఒక్కటే ఉంటే చాలదు, ఆ గుర్తును వాడే దేశాలు చాలా ఉన్నాయి. బిల్లు మీద మూడక్షరాల కరెన్సీ కోడ్ ఉంటే దాన్నే నమ్మండి, లేకపోతే సరఫరాదారు ఖాతాలో నమోదైన కరెన్సీతో పోల్చండి. అరనిమిషం కూడా పట్టని పని ఇది. అయినా దీన్ని దాటవేసినప్పుడు జరిగే తప్పులను తర్వాతి లెక్కలేవీ పట్టుకోలేవు.

రెండో మెట్టు: చుక్క, కామా ఎవరివి?

సాఫ్ట్‌వేర్ ముందు అక్షరాలను చదువుతుంది, తర్వాత వాటిని సంఖ్యగా మారుస్తుంది. ఈ రెండో పనిలో జరిగే తప్పు చాలా పెద్దది, ఎందుకంటే అది సంఖ్యను పది, వంద, వెయ్యి రెట్లు మార్చేస్తుంది.

కాగితం మీద 1.234 అని ఉంటే అది ఒకటి పాయింటు రెండు మూడు నాలుగా, వెయ్యిన్ని రెండువందల ముప్ఫై నాలుగా? అంకెను మాత్రమే చూస్తే తేల్చలేరు. జర్మనీలో వేల దగ్గర చుక్క, దశాంశానికి కామా పెడతారు: 1.234,50. ఫ్రాన్స్‌లో వేల దగ్గర ఖాళీ వదులుతారు. స్విట్జర్లాండ్‌లో పైన చిన్న గీత పెడతారు: 1'234.50. మనం 1,25,000 అని విడదీసే సంఖ్యను చాలా దేశాల్లో 125,000 అని విడదీస్తారు. ఇవన్నీ ఒకే రోజు ఒకే బ్యాచ్‌లో రావచ్చు.

తేల్చడానికి నమ్మదగిన మార్గం ఉంది. అదే బిల్లులో రెండు రకాల గుర్తులూ ఉన్న సంఖ్యను వెతకండి. అందులో కుడివైపు చివరన ఉన్న గుర్తే దశాంశ బిందువు. 1.234,50 కనిపిస్తే ఆ బిల్లు మొత్తం కామాను దశాంశంగా వాడుతోందని అర్థం, కాబట్టి పైనున్న 1.234 వెయ్యి పైచిలుకే. అలాంటి సంఖ్య ఒక్కటీ దొరక్కపోతే, రెండు రకాలుగానూ చదివి పరిమాణంతో గుణించి చూడండి. వరుస మొత్తం రెండు రకాలుగా చదవడానికి వీల్లేకుండా ఉంటే, వాటిలో ఒక్కటే దానికి సరిపోతుంది.

చుక్క తర్వాత రెండే అంకెలు ఉండాలన్న అలవాటు కూడా కొన్ని చోట్ల దెబ్బ తీస్తుంది. జపాన్ యెన్‌కు దశాంశ భాగమే లేదు. కువైట్, బహ్రెయిన్ దినార్లకు, ఒమన్ రియాల్‌కు మూడు దశాంశ స్థానాలు ఉంటాయి. కువైట్ బిల్లులో 12.500 అని ఉంటే అది పన్నెండున్నర దినార్లే. రెండు స్థానాలకు అలవాటుపడిన కన్ను దాన్ని పన్నెండు వేల ఐదు వందలని చదువుతుంది, సాఫ్ట్‌వేర్ అమరిక కూడా ఒక్కోసారి అదే చేస్తుంది.

కూడికా తీసివేతా అన్నది కూడా ఈ దశలోనే తేల్చుకోండి. లెక్కల కాగితాల్లో రుణ సంఖ్యను చాలా రకాలుగా రాస్తారు. ముందు మైనస్ పెట్టవచ్చు, అంకె తర్వాత పెట్టవచ్చు, బ్రాకెట్లలో పెట్టవచ్చు, పక్కన సీఆర్ అని రాయవచ్చు. స్కాన్‌లో సన్నని మైనస్ గీత పోవడం మామూలే. బ్రాకెట్‌ను సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి 1 అని కూడా చదువుతుంది, అప్పుడు (450.00) కాస్తా 1450.00 అవుతుంది. క్రెడిట్ నోట్లలో అయితే చాలాసార్లు అంకెలన్నీ మామూలు ధన సంఖ్యల్లాగే అచ్చయి ఉంటాయి. అది తిరిగి వచ్చే డబ్బు అని చెప్పేది పేజీ పైనున్న శీర్షిక ఒక్కటే. మొదటి మెట్టులో శీర్షిక చదవమన్నది ఇందుకే.

మూడో మెట్టు: బిల్లు చేత లెక్క చెప్పించండి

ఇప్పుడు ఒక బిల్లును తీసుకుని పూర్తిగా చేసి చూద్దాం. కాగితం మీద అచ్చయినది ఇది:

| వరుస | పరిమాణం | ధర | మొత్తం |
|---|---|---|---|
| 1 | 12 | 345.50 | 4,146.00 |
| 2 | 5 | 1,280.00 | 6,400.00 |
| 3 | 40 | 18.75 | 750.00 |
| 4 | 3 | 2,196.00 | 6,588.00 |

వాటి కింద ఉపమొత్తం 17,884.00. తగ్గింపు 5 శాతం, 894.20. తగ్గింపు పోను మిగిలిన 16,989.80 మీద పన్ను 10 శాతం, 1,698.98. ఈ బిల్లు మొత్తం 18,688.78. దాని కింద గత బాకీ 2,310.00, అన్నిటికన్నా అడుగున లావు అక్షరాల్లో చెల్లించవలసినది 20,998.78.

సాఫ్ట్‌వేర్ అన్నీ సరిగ్గానే చదివింది, రెండు గడులు తప్ప. నాలుగో వరుస మొత్తాన్ని 6,538.00 అని చదివింది. ‘బిల్లు మొత్తం’ గడిలో 20,998.78 పెట్టింది. మీకు ఈ సంగతి ముందే తెలియదు కదా, కాబట్టి లెక్కతోనే పట్టుకోవాలి.

మొదట అడ్డంగా చేయండి. ప్రతి వరుసలో పరిమాణాన్ని ధరతో గుణించి వరుస మొత్తంతో పోల్చండి. మొదటి మూడు వరుసలూ కుదురుతాయి. నాలుగోది 3 × 2,196.00 = 6,588.00, గడిలో 6,538.00. తేడా 50.00.

తర్వాత నిలువుగా చేయండి. గడుల్లోని వరుస మొత్తాలను కూడితే 17,834.00 వస్తుంది. ఉపమొత్తం గడిలో 17,884.00 ఉంది. ఇక్కడా తేడా 50.00. అడ్డంగా, నిలువుగా రెండు పరీక్షలూ ఒకే తేడా చూపిస్తే అవి రెండూ కలిసే గడి తప్పని తేలినట్టే. స్కాన్ తెరచి చూస్తే 8 ఎడమ సగం అచ్చు సరిగ్గా పడక 3లా కనిపిస్తుంది.

రెండింట్లో ఒక్కటే తప్పితే అర్థం వేరు. నిలువు కూడిక కుదిరి అడ్డం గుణకారం కుదరకపోతే, వరుస మొత్తం సరైనదే, పరిమాణమో ధరో తప్పు. లేదా ధర డజనుకో, వందకో చెప్పి ఉంటుంది, లేదంటే ఆ వరుసకు మాత్రమే తగ్గింపు ఉంటుంది. అడ్డం అన్నీ కుదిరి నిలువు కుదరకపోతే ఉపమొత్తం గడి తప్పయి ఉంటుంది, లేదా ఒక వరుస పూర్తిగా తప్పిపోయి ఉంటుంది. పేజీ మారే చోట, రెండు పంక్తుల పొడవైన సరుకు పేరు దగ్గర ఇది ఎక్కువగా జరుగుతుంది. తేడా ఎంత వచ్చిందో అదే మొత్తం ఉన్న వరుస కోసం కాగితంలో వెతకండి.

ఆ తర్వాత కిందికి దిగండి. 17,884.00లోంచి 894.20 తీసి, 1,698.98 కలిపితే 18,688.78. గడిలో మాత్రం 20,998.78. తేడా 2,310.00. ఈ తేడాను పట్టుకుని పేజీలో వెతికితే ‘గత బాకీ’ పక్కన అదే అంకె కనిపిస్తుంది. ఆ బాకీ ఏ పాత బిల్లుదో, ఆ బిల్లు అప్పుడే పద్దుల్లోకి ఎక్కి ఉంటుంది. ఇప్పుడు 20,998.78 పోస్ట్ చేస్తే అదే అప్పు రెండోసారి నమోదవుతుంది.

తగ్గింపు, పన్నులను శాతంతో కూడా పరీక్షించండి. 17,884.00లో 5 శాతం 894.20, 16,989.80లో 10 శాతం 1,698.98. పన్నును తగ్గింపు తీసేశాక లెక్కించారా, తీయకముందే లెక్కించారా అన్నది బిల్లును బట్టి మారుతుంది. ఒక పద్ధతిలో కుదరకపోతే రెండో పద్ధతి చూశాకే తప్పు అనండి.

గడులను స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకుని చేసేవాళ్లకు ఈ మూడు సూత్రాలు చాలు. పరిమాణం B, ధర C, మొత్తం D నిలువుల్లో ఉన్నాయనీ, వరుసలు 2 నుంచి 5 వరకూ, ఉపమొత్తం D6లో ఉన్నాయనీ అనుకుందాం.

```
=ROUND(B2*C2,2)-D2
=ROUND(SUM(D2:D5)-D6,2)
=COUNT(D2:D5)
```

మొదటిదాన్ని 5వ వరుస దాకా ప్రతి వరుసకూ కాపీ చేయండి. మొదటి రెండూ సున్నా రావాలి. మూడోది నాలుగు రావాలి. ఆ మూడోదాన్ని వదిలేయకండి. దించుకున్న అంకె ఒక్కోసారి సంఖ్యగా కాకుండా అక్షరాలుగా గడిలో కూర్చుంటుంది, చూడటానికి తేడా ఉండదు. `SUM` అలాంటి గడిని ఏ హెచ్చరికా లేకుండా వదిలేసి మిగతావి కూడుతుంది. `COUNT` నాలుగుకు బదులు మూడు చూపిస్తే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది.

నాలుగో మెట్టు: తేడానే అడగండి

తేడా రాగానే అన్ని అంకెలనూ మొదటి నుంచి తిరిగి చూడటం మొదలుపెట్టకండి. తేడా ఆకారంలోనే తప్పు ఏ రకమో చాలావరకు ఉంటుంది. అనుభవం ఉన్న గుమాస్తాలు ముందు దాన్నే చదువుతారు.

మన బిల్లులో తేడా 50.00. అందులో సున్నా కాని అంకె ఒక్కటే ఉంది, పదుల స్థానంలో 5. అంటే ఎక్కడో పదుల స్థానంలో ఒక్క అంకె మారింది, మారిన అంకెకూ అసలు అంకెకూ మధ్య 5 తేడా. 3, 8ల మధ్య తేడా 5. 4, 9ల మధ్య కూడా 5. కాగితం మీద కలగాపులగం అయ్యే జంటలకు ఇలాగే తలా ఒక గుర్తింపు ఉంది. 1, 7 తారుమారైతే తేడాలో 6 వస్తుంది. 5, 6 అయితే 1 వస్తుంది. 0, 8 అయితే 8 వస్తుంది. కాబట్టి తేడా 600.00 వస్తే వందల స్థానంలో 1 లేదా 7 ఉన్న సంఖ్యలను ముందు చూడండి. 0, 6 జంటకు కూడా 6 తేడానే కాబట్టి వాటినీ చూడండి.

తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే కథ వేరు. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9 గుణిజమే. యంత్రం అంకెల వరుసను మార్చడం అరుదు. అది మనిషి చేతి తప్పు. మన బిల్లులో 6,538.00ను సరిదిద్దబోయి 6,588.00కు బదులు 6,858.00 అని కొట్టారనుకోండి. మళ్లీ కూడితే తేడా 270.00 వస్తుంది. దాన్ని 9తో భాగిస్తే 30. అంటే వందల, పదుల స్థానాల్లోని అంకెలు తారుమారయ్యాయి, వాటి మధ్య తేడా 3. 8, 5 సరిగ్గా అవే. ఇలా సరిదిద్దేటప్పుడు కొత్త తప్పు చేరడం తరచుగా జరిగేదే. అందుకే గడి మార్చిన ప్రతిసారీ పరీక్షలన్నీ తిరిగి నడపాలి. మార్చిన గడి వరకే చూసుకుని ముందుకు వెళ్లకూడదు.

దశాంశ బిందువు జరిగినా తేడా 9 గుణిజమే అవుతుంది. బిందువు ఒక స్థానం జరిగితే, తేడాను 9తో భాగించినప్పుడు రెండు సంఖ్యల్లో చిన్నది బయటికి వస్తుంది: 345.50 కాస్తా 3,455.00 అయితే తేడా 3,109.50, దాన్ని 9తో భాగిస్తే 345.50. బిందువు పూర్తిగా పోతే సంఖ్య వంద రెట్లవుతుంది కాబట్టి 99తో భాగించాలి. 18.75 కాస్తా 1,875 అయితే తేడా 1,856.25, దాన్ని 99తో భాగిస్తే 18.75. వచ్చిన అంకె కాగితం మీద కనిపిస్తే తప్పు దొరికినట్టే.

కూడికా తీసివేతా అన్నది పొరబడితే తేడా సరిగ్గా ఆ మొత్తానికి రెట్టింపు ఉంటుంది. తగ్గింపు 894.20ను తీసేయడానికి బదులు కలిపితే అక్కడ తేడా 1,788.40. అందుకే తేడాను సగం చేసి, ఆ సగం కాగితంలో ఎక్కడైనా ఉందేమో చూడటం అలవాటు చేసుకోండి.

వీటికి హద్దు ఉంది. ఒకే బిల్లులో రెండు తప్పులు ఉంటే వాటి తేడాలు కలిసిపోయి ఏ ఆకారానికీ సరిపోవు. అందుకే చివరి మొత్తం దగ్గర ఒక్కసారే చూడకుండా, పైనుంచి కిందికి ఒక్కో చోట ఆగి పోల్చమంటున్నాను. మన బిల్లులో 50.00, 2,310.00 వేర్వేరు చోట్ల బయటపడ్డాయి కాబట్టే రెండూ సులువుగా చిక్కాయి.

ఐదో మెట్టు: లెక్క కుదిరినా నమ్మకూడని చోట్లు

నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుపట్టేది ఈ మెట్టు దగ్గర. కూడికలు కుదిరితే పని అయిపోయిందనిపిస్తుంది. కానీ కొన్ని తప్పులు కూడికను ఏమాత్రం కదిలించవు.

ముందు ఇది తెలుసుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు కాగితం మీద ఉపమొత్తం దొరక్కపోతే వరుసలను తామే కూడి ఆ గడి నింపుతాయి. అప్పుడు మీరు వరుసలు కూడి ఉపమొత్తంతో పోలిస్తే కుదరక ఏమవుతుంది? యంత్రం చేసిన కూడికనే మీరు మళ్లీ చేశారు, కాగితాన్ని పరీక్షించలేదు. కాబట్టి సరిపోయిందనుకునే ముందు రెండు అంకెలూ కాగితం మీద అచ్చయి ఉన్నాయో లేదో చూడండి. గడిని నొక్కితే స్కాన్‌లో ఏ చోటూ మెరవకపోతే, అది లెక్కించిన అంకె అయి ఉండవచ్చు.

రెండోది నమ్మక శాతం. ప్రతి గడి పక్కనా సాఫ్ట్‌వేర్ ఒక శాతం చూపించి, తక్కువ ఉన్నవాటికి పసుపు రంగు వేస్తుంది. చూపు పసుపు గడుల మీదికే పోతుంది, మిగతావి కళ్ల ముందే దాటిపోతాయి. ఆ శాతాన్ని ఎలా లెక్కిస్తారన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది, కానీ అంకెలు ఎంత స్పష్టంగా చదవగలిగిందన్నదే దానిలో ప్రధానం. మన బిల్లులో 20,998.78 లావుగా, స్పష్టంగా అచ్చయి ఉంది. దానికి పసుపు రంగు పడే అవకాశమే తక్కువ. పసుపు లేని గడి సరైనదని అర్థం కాదు.

మూడోది ఒకే వరుస ఉన్న బిల్లు. పరిమాణం ఒకటి, పన్ను లేదు అనుకోండి. ధర, వరుస మొత్తం, ఉపమొత్తం, మొత్తం నాలుగు గడుల్లోనూ ఒకే అంకె ఉంటుంది, ఒకే ముద్రణలో ఉంటుంది. ఆ ముద్రణలో 8 అరిగిపోయి ఉంటే యంత్రం నాలుగు చోట్లా 3 అనే చదవవచ్చు. లెక్కలన్నీ కుదురుతాయి. ఇక్కడ పనికివచ్చే సాక్ష్యం ఒక్కటే: మొత్తాన్ని అక్షరాల్లో రాసి ఉంటే దాన్ని చదవండి. లేకపోతే కొనుగోలు ఆర్డర్‌లోని ధరతో పోల్చండి.

ఇలాంటి బిల్లులకూ, మీ కార్యాలయం నిర్ణయించిన పరిమితి దాటిన పెద్ద మొత్తాలకూ చూడకుండా కొట్టే పద్ధతి వాడండి. గడిలోని అంకెను మూసేసి, స్కాన్ మాత్రమే చూస్తూ మొత్తాన్ని మీరు కొత్తగా కొట్టండి. తర్వాత రెండూ పోల్చండి. గడిలోని అంకెను ముందే చూస్తే, మసకగా ఉన్న 8 మీ కంటికి కూడా 3లాగే కనిపిస్తుంది. చూసిన అంకె ప్రభావం నుంచి ఎంత జాగ్రత్తపరుడూ తప్పించుకోలేడు, కాబట్టి దాన్ని చూడకపోవడమే మార్గం.

పరిమాణం, ధర ఒకదాని చోటికి మరొకటి వెళితే గుణకారం మారదు. 5 × 1,280 ఎంతో 1,280 × 5 కూడా అంతే. డబ్బు పద్దు సరిగ్గానే ఉంటుంది కానీ, సరుకు నిల్వల్లో ఐదుకు బదులు 1,280 చేరతాయి. అదే బిల్లు రెండోసారి వస్తే దాని లెక్కలూ చక్కగానే కుదురుతాయి. బిల్లు నంబరులో ముందున్న సున్నాలు, అడ్డగీతలు, ఖాళీలు తేడాగా చదివితే సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త బిల్లు అనుకుంటుంది. అందుకే నంబరుతో పాటు, అదే సరఫరాదారు దగ్గర అదే మొత్తం, అదే తేదీతో మరో పద్దు ఉందేమో కూడా వెతకండి.

ఎంతవరకు రౌండింగు?

చిన్న తేడా రాగానే ‘రౌండింగు’ అని రాసి వదిలేసే అలవాటు తొందరగా అబ్బుతుంది. రౌండింగు ఎంత రాగలదో లెక్క కట్టవచ్చు. రెండు దశాంశాలకు సవరించిన ఒక్కో వరుసలో తేడా గరిష్ఠంగా 0.005. నాలుగు వరుసలుంటే 0.02, ఇరవై వరుసలుంటే 0.10. పన్నును వరుసవారీగా సవరించారా, మొత్తం మీద ఒకసారి సవరించారా అన్న దాని వల్ల కూడా ఇంతే స్థాయి తేడా వస్తుంది. చివరి మొత్తాన్ని పూర్ణాంకానికి సవరించే బిల్లుల్లో ఆ సవరణ 0.50కు మించదు, సాధారణంగా అది విడిగా ఒక వరుసలో అచ్చయి ఉంటుంది.

దీన్ని దాటిన తేడాకు రౌండింగు కారణం కాదు, వేరే ఏదో ఉంది. ‘ఒక శాతం లోపు తేడా పరవాలేదు’ అన్న పద్ధతి మాత్రం వద్దు. మన బిల్లులో ఉపమొత్తం 17,884.00, అందులో ఒక శాతం 178.84. ఆ నియమం పెట్టుకుంటే 50.00 తేడా ఎవరి కంటా పడకుండా పోయేది.

కుదరనప్పుడు ఏం చేయాలి

తప్పు చదవడంలో ఉంటే గడిని కాగితానికి తగ్గట్టు సరిదిద్దండి. తప్పు కాగితంలోనే ఉంటే, అంటే సరఫరాదారే తప్పుగా కూడి ఉంటే, ఆ అంకెను మీరు దిద్దకండి. మీరు 18,688.78 అని దిద్ది పోస్ట్ చేసి, సరఫరాదారు పుస్తకాల్లో 18,698.78 ఉంటే రెండు ఖాతాలు ఎప్పటికీ కలవవు. బిల్లును నిలుపుదలలో పెట్టి, ఏ వరుసలో ఎంత తేడా ఉందో ఒక్క వాక్యంలో రాసి పై అధికారికి పంపండి. ‘మొత్తం కుదరడం లేదు’ అని రాస్తే అవతలివాళ్లు పని అంతా మళ్లీ చేయాలి. ‘వరుసల కూడిక 17,884.00, అచ్చయిన ఉపమొత్తం 17,894.00, తేడా 10.00’ అని రాస్తే సరఫరాదారుకు అదే మాట పంపవచ్చు.

లెక్క కుదర్చడానికి ‘ఇతర ఖర్చులు’ అని ఒక వరుస సృష్టించి తేడాను అందులో వేయడం ఎప్పుడూ చేయకండి. పని పూర్తయినట్టు కనిపిస్తుంది, తప్పు మాత్రం మరో ఖాతాలోకి వెళ్లి దాక్కుంటుంది.

బ్యాచ్ పోస్ట్ చేసే ముందు

బిల్లులు ఒక్కొక్కటిగా సరిచూసినా, బ్యాచ్‌గా పోస్ట్ చేసేటప్పుడు మరో పరీక్ష ఉంటుంది. స్కానింగ్‌కు ముందే కాగితాలు తీసుకున్నవారు బిల్లుల సంఖ్యనూ, వాటి మొత్తాల కూడికనూ విడిగా రాసి పెట్టాలి. దీన్నే కంట్రోల్ టోటల్ అంటారు. తెర మీద బ్యాచ్ చూపించే సంఖ్య, మొత్తం ఈ రెండింటితో కలవాలి. ఈ కూడికను సాఫ్ట్‌వేర్ గడుల నుంచి తీసుకోకూడదు. తీసుకుంటే యంత్రం తన అంకెలతో తానే పోల్చుకున్నట్టవుతుంది.

సంఖ్య కలిసి మొత్తం కలవకపోతే నాలుగో మెట్టులో చెప్పినట్టు తేడాను చదవండి. సంఖ్యే కలవకపోతే మొత్తాల జోలికి పోకండి, ముందు తప్పిపోయిన కాగితాన్నో, రెండుసార్లు స్కాన్ అయినదాన్నో వెతకండి. బ్యాచ్‌లో ఒక క్రెడిట్ నోటు ఉంటే, దాన్ని రెండు చోట్లా తీసివేతగానే లెక్కించారో లేదో చూడండి. అక్కడ పొరబడితే తేడా ఆ నోటు మొత్తానికి రెట్టింపు ఉంటుంది.

పోస్ట్ చేశాక తప్పు కనిపిస్తే ఆ పద్దును తెరిచి అంకె మార్చకండి, తుడిచేయకండి. తప్పు పద్దుకు సరిగ్గా ఎదురు పద్దు వేసి దాన్ని రద్దు చేసి, సరైన మొత్తంతో కొత్త పద్దు వేయండి. మన బిల్లు 20,998.78కే పోస్ట్ అయిపోయిందనుకోండి: సరఫరాదారు ఖాతాకు 20,998.78 డెబిట్, కొనుగోలు ఖాతాకు అంతే క్రెడిట్, తర్వాత 18,688.78తో సరైన పద్దు. మూడు పద్దుల వివరణలోనూ అదే బిల్లు నంబరు రాయండి. తేడా 2,310.00ను ఒక్కటే సవరణ పద్దుగా వేసినా నిల్వ సరిపోతుంది. అయితే ఆరు నెలల తర్వాత ఆవర్జా చూసే ఆడిటర్‌కు కాగితం మీదున్న 18,688.78 అన్న అంకె పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు.